నాలుగింటికి తిరిగొచ్చే నెట్

రౌటర్ తనకు జరిగినవన్నీ రాసిపెట్టుకుంటుందని మా ఊళ్ళో చాలామందికి తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదనుకోండి. నెట్ వస్తే వాడుకుంటారు, పోతే మా ఆఫీసుకి ఫోన్ చేసి అరుస్తారు. ఆ అరుపులు వినడం నా ఉద్యోగం. కేబుల్ టీవీతో మొదలై ఇంటర్నెట్‌లోకి దిగిన ఒక చిన్న ఆఫీసు మాది, నూజివీడులో. అందులో కంప్లయింట్ల బల్ల దగ్గర కూర్చుని చాలా ఏళ్ళయింది. ఊళ్ళో సగం మంది గొంతులు నాకు తెలుసు, ముఖాలు తెలియవు.

నాకు గర్వం ఎక్కువని మా ఆఫీసులో అంటారు. నిజమే, ఉంది. ఊరికే రాలేదు. మా ఆఫీసులో రౌటర్ లాగ్ చదవడం నేర్చుకున్నది నేనొక్కదాన్నే. ఎవరూ నేర్పలేదు. మొదట్లో ఆ పేజీ తెరిస్తే కళ్ళు తిరిగేవి. వరసగా టైములు, ప్రతి టైము పక్కనా సగం అర్థమయ్యీ కాని ఇంగ్లీషు మాటలు. మెల్లగా వాటి మర్యాద తెలిసింది. ఫైబర్‌లో వెలుతురు పోతే ఒక మాట రాస్తుంది, తిరిగి వస్తే ఇంకో మాట. అవతల సర్వర్ వద్దు పొమ్మంటే ఒక మాట, రమ్మంటే ఇంకో మాట. మనుషుల్లాగా దాచిపెట్టదు, కల్పించి చెప్పదు. మా లైన్‌మెన్ కంటే నాకు దాని మీదే నమ్మకం ఎక్కువ. ఈ మాట వాళ్ళ ముందే అంటాను.

నేను చెప్పబోయేది రెండేళ్ళ కిందటి మామిడి సీజన్‌లో సంగతి. మొదట్లో తప్పు నాదే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

బాపులపాడు వైపు ఒక ఊళ్ళో మాకొక కనెక్షన్ ఉంది. మామిడి తోట, కాస్త వరి పొలం ఉన్న కుటుంబం. ఆ ఇంటి కోడలు ఫోన్ చేసేది. రోజు విడిచి రోజు, పదకొండు గంటల ప్రాంతంలో.

"మేడమ్, నెట్ పోయిందండి. పొద్దున్నించి బానే ఉంది, ఇప్పుడు పోయింది."

నేను మా కంప్యూటర్‌లో ఆ ఇంటి పేరు కొట్టి చూసేదాన్ని. మాకు నెట్ ఇచ్చే పెద్ద కంపెనీవాళ్ళు మాకొక పేజీ ఇచ్చారు. అందులో ఏ కనెక్షన్ నడుస్తోందో, ఏది ఆగిందో కనిపిస్తుంది. నడుస్తుంటే పచ్చ చుక్క, ఆగితే ఎర్ర చుక్క. ఆ అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా పచ్చ చుక్కే.

"మా సైడ్ అంతా బానే ఉందమ్మా. నీ కంప్యూటర్‌లోనే ఏదో ఉంది. రౌటర్ ఒకసారి ఆపి వెయ్యి."

"వేశానండి. నాలుగుసార్లు వేశాను."

"అయిదోసారి వెయ్యి."

ఇలా నెలన్నర నడిచింది. ఒకరోజు విసుగొచ్చి నోరు జారాను. "ఊళ్ళో అందరికీ వస్తోంది, నీ ఒక్కదానికే పోతోందంటే తప్పు ఎక్కడుందో నువ్వే ఆలోచించుకో" అన్నాను. ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది. నాకు అప్పుడేమీ అనిపించలేదు. మధ్యాహ్నం శుభ్రంగా భోంచేశాను కూడా.

తర్వాతి సోమవారం ఆమే ఆఫీసుకి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. చంకలో రెండేళ్ళ పాప, ఎండకి ఇద్దరి ముఖాలూ కందిపోయాయి. బస్సు దిగి నడిచి వచ్చిందట. కొట్లాటకొచ్చిందేమో అనుకుని నేను కూడా సర్దుకుని కూర్చున్నాను. కొట్లాడలేదు. ఫోన్ తీసి, తన ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం నా ముందు పెట్టింది.

హైదరాబాద్‌లో ఒక కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. అమెరికా ఆసుపత్రుల కాగితాలకి కోడ్లు వెయ్యడం. పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా లాగిన్ అయి ఉండాలి. ఆ ఉత్తరంలో మర్యాదగానే రాశారు. లాగిన్ పదే పదే పోతోందనీ, వచ్చే సోమవారం నుంచి వారం రోజులు గమనిస్తామనీ, పని గంటల్లో ఒక్కసారి అరగంట మించి లైన్‌లో లేకపోయినా ఇంటి నుంచి పని ఇక కుదరదనీ, హైదరాబాద్ వచ్చి చెయ్యాలనీ, లేదంటే మానుకోవచ్చనీ.

"హైదరాబాద్ నేనెలా వెళతానక్కా? పాపనెవరు చూస్తారు? మా ఆయన సీజన్ అంతా లారీల వెంట తిరుగుతారు. అంటే మానెయ్యడమే." మేడమ్ పోయి అక్క వచ్చింది. "మా మామగారికి ఇది ఉద్యోగంలాగే అనిపించదు. ఆ ఫోన్ పని అంటారు. నాకు మాత్రం ఇదొక్కటే నాది. ఇంకేదీ నాది కాదు అక్కడ."

నాకు సిగ్గేసింది. నెలన్నర పాటు పచ్చ చుక్కని చూసి మనిషిని అబద్ధాలకోరుని చేశాను. ఆ పాప నా బల్ల మీద స్టాప్లర్ లాక్కుని ఆడుకుంటోంది, తల్లి లాక్కోబోతే వద్దన్నాను. "సాయంత్రం నేనే వస్తాను మీ ఇంటికి. అప్పటిదాకా రౌటర్ ఆపొద్దు" అని చెప్పి పంపాను.

సాయంత్రం స్కూటీ వేసుకుని వెళ్ళాను. రోడ్డుకి రెండు పక్కలా తోటలు, కాయల బరువుకి కొమ్మలు కిందికి దిగి ఉన్నాయి. ఎక్కడ చూసినా ట్రాక్టర్లు, పెట్టెలు, వరిగడ్డి. ఆ ఇంటి అరుగు మీద రసాల మామిడికాయలు రాశి పోసి ఉన్నాయి. మామగారు, అరవై దాటిన మనిషి, కాయలు ఏరుతూ తలెత్తి చూశారు. "నెట్ అమ్మాయా? రా రా. ఆ పెట్టెని ఒకటే తిడతా ఉంటది మా కోడలు" అన్నారు. మంచినీళ్ళిచ్చి మళ్ళీ కాయల్లో పడ్డారు.

కోడలి గదిలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో రౌటర్ పేజీ తెరిచాను. సిస్టమ్ లాగ్ నొక్కాను. మొదటి వరసల్లో తారీఖు చూసి ఆ అమ్మాయి నవ్వింది. పందొమ్మిది వందల డెబ్భై, జనవరి ఒకటి.

"ఇది పాడైపోయిందక్కా. నేను పుట్టకముందు తారీఖు చూపిస్తోంది."

"పాడవలేదు. దీనికి సొంత గడియారం ఉండదు. నెట్ తగిలాక అక్కడి నుంచి టైము తెచ్చుకుంటుంది. అప్పటిదాకా ఆ తారీఖే వేసుకుంటుంది. ఇవాళ పొద్దున ఆపి వేశావా?"

వేసిందట. పదింటికి పోతే నాలుగుసార్లు ఆపి వేసిందట, ఆ తర్వాతే బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది. అందుకే పదింటికి ముందుది ఒక్క వరస కూడా లేదు. ఈ రకం పెట్టెల్లో కరెంటు తీస్తే రాసుకున్నదంతా చెరిగిపోతుంది. ఆపి వెయ్యమని నెలన్నరగా చెప్పింది నేనే. అంటే తన తరఫు సాక్ష్యాన్ని తన చేతే చెరిపించాను. ఆ మాట ఆ అమ్మాయితో అనలేదు, నాలో నేను మాత్రం తిట్టుకున్నాను.

మిగిలిన వరసలు చదివాను. ఫైబర్ వెలుతురు బాగానే ఉంది, ఎక్కడా పోలేదు. ఆ కింద ఒకటే పాట. లాగిన్ అడిగాను, ఆథెంటికేషన్ ఫెయిల్డ్. లాగిన్ అడిగాను, ఆథెంటికేషన్ ఫెయిల్డ్. లెక్కపెట్టడం మానేసి కిందికి జరుపుకుంటూ పోయాను. ఎక్కడో చివర ఒక్క వరస, కనెక్టెడ్ అని. ఆ తర్వాత తారీఖు సరిగ్గా వచ్చింది, టైము సాయంత్రం నాలుగు దాటి ఐదు నిమిషాలు.

ఇక్కడ కాస్త విప్పి చెప్పాలి. మేము ప్రతి ఇంటి రౌటర్‌లోనూ ఒక యూజర్ పేరు, ఒక పాస్‌వర్డ్ ఎక్కిస్తాం. రౌటర్ లేవగానే ఆ రెండూ పెద్ద కంపెనీ సర్వర్‌కి పంపి, లోపలికి రానివ్వమని అడుగుతుంది. సర్వర్ సరిచూసుకుని రానిస్తుంది. ఫెయిల్డ్ అంటే తీగ బాగానే ఉంది, గుమ్మం దాకా వెళ్ళింది, గుమ్మం దగ్గర వాడు పొమ్మన్నాడు అని అర్థం. పాస్‌వర్డ్ తప్పయితే పొమ్మంటాడు. కానీ పొద్దున తప్పయిన పాస్‌వర్డ్ సాయంత్రం నాలుగింటికి ఒప్పెలా అవుతుంది? ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

"రేపటి నుంచి ఏం జరిగినా దీన్ని ఆపకు. పోయినా సరే, రెండు గంటలు రాకపోయినా సరే. రోజూ సాయంత్రం ఈ పేజీ ఫోటో తీసి నాకు పంపు" అన్నాను.

"పోతే చూస్తూ కూర్చోమంటావా అక్కా?"

"చూస్తూ కూర్చో. వచ్చే సోమవారం లోపు నేను పట్టుకుంటాను."

ఆ మాట ఎందుకన్నానో తెలియదు. గర్వమని చెప్పాను కదా. వస్తుంటే పెద్దాయన ఒక గంప రసాలు స్కూటీ ముందు పెట్టించారు. మా వైపు సీజన్‌లో ఎవరింటికి పనిమీద వెళ్ళినా ఒట్టి చేతులతో పంపరు. వద్దంటే తప్పు పడతారు. తెచ్చుకున్నాను.

మంగళవారం ఒక ఫోటో, బుధవారం ఒకటి, గురువారం ఒకటి వచ్చాయి. రౌటర్‌ని ఆపకపోవడంతో టైములన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక తెల్లకాగితం మీద మూడు రోజులవీ పక్కపక్కన రాసుకున్నాను.

మంగళవారం పదకొండూ పదికి ఫైబర్ వెలుతురు పోయింది, ముప్పావు నిమిషంలో వచ్చేసింది. ఆ తర్వాత నాలుగింటి దాకా ఫెయిల్డ్. నాలుగూ నాలుగుకి కనెక్టెడ్. బుధవారం వెలుతురు అసలు పోలేదు, రోజంతా నెట్ పోలేదు. గురువారం తొమ్మిదిన్నరకి ఒకసారి పోయి వచ్చింది. నాలుగూ ఆరు దాకా ఫెయిల్డ్, అప్పుడు కనెక్టెడ్.

వెలుతురు అర నిమిషం పోవడం నాకు కొత్త కాదు. ఆ ఊరి ఇళ్ళకి తీగలు చీలే జంక్షన్ పెట్టెలో మా బ్యాటరీ ముసలిదైపోయింది. ఎండాకాలం కరెంటు పోయినప్పుడు, ఇళ్ళలో ఇన్వర్టర్లు ఆదుకున్నా, ఆ లైన్ మీద అందరికీ ఒక్క క్షణం పోయి వస్తుంది. అదే వీధిలో ఇంకో ఇంటికి ఫోన్ చేసి, డిగ్రీ చదివే వాళ్ళమ్మాయి చేత లాగ్ ఫోటో తీయించాను. వాళ్ళకీ అదే టైముకి పోయింది. ఒకటి రెండు సార్లు ఫెయిల్డ్, రెండు నిమిషాల్లో కనెక్టెడ్. అది మామూలే. పాత లాగిన్ ఇంకా బతికే ఉందనుకుంటుంది సర్వర్, లేదని తెలుసుకోవడానికి ఆ మాత్రం పడుతుంది. రెండు నిమిషాలు అందరికీ. ఈ అమ్మాయికి మాత్రం అయిదారు గంటలు.

శుక్రవారం పొద్దున కాగితం పట్టుకుని మా ఓనరు గదిలోకి వెళ్ళాను. మా పెద్ద లైన్‌మన్ కూడా అక్కడే ఉన్నాడు. యాభై దాటినవాడు, నేను బాబాయ్ అని పిలుస్తాను. మంచి పనివాడు, చీకట్లో కూడా ఫైబర్ అతికిస్తాడు.

"అది తీగ ప్రాబ్లమ్ అయ్యుంటది సార్" అన్నాడు బాబాయ్. "సీజన్ కదా, ట్రాక్టర్లు తగిలి ఎక్కడో నలిగి ఉంటది. కొత్త తీగ లాగేద్దాం."

"తీగ కాదు బాబాయ్. వెలుతురు అర నిమిషంలో వచ్చేస్తోంది. మిగతా టైమంతా గుమ్మం దగ్గర ఆపేస్తున్నారు. తెగిన తీగ ఏదీ టైము చూసుకుని నాలుగింటికి అతుక్కోదు."

"ఆ పెట్టె లాగ్‌లో అన్నీ నిజాలే రాస్తదా ఏంటి?"

"నీకంటే ఎక్కువే రాస్తుంది."

ఓనరు నవ్వి, మా ఇద్దరి మధ్యా చెయ్యి అడ్డం పెట్టారు. అప్పుడే నా ఫోన్ మోగింది. ఆ అమ్మాయే. "పోయిందక్కా. పదీ ఇరవైకి. ఆపలేదు, చూస్తూ కూర్చున్నాను."

నేను ఓనరు కంప్యూటర్‌లో ఆ పేరు కొట్టాను. పచ్చ చుక్క. నెలన్నరగా చూస్తున్న అదే పచ్చ చుక్క. ఈసారి దాని పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న టైము కూడా చదివాను. ఈ లాగిన్ మొదలైంది పదీ ఇరవైమూడుకి.

"నీ లాగ్‌లో పదీ ఇరవైమూడుకి ఏముందమ్మా?"

"ఫెయిల్డ్ అనే ఉందక్కా. ఇరవైనాలుగుకి కూడా ఫెయిల్డే."

అదే పేరు, అదే నిమిషం. ఆ అమ్మాయి ఇంట్లో రౌటర్‌ని పొమ్మన్నారు, ఆ అమ్మాయి పేరుతోనే ఎవరినో రమ్మన్నారు. ఒక పేరు మీద ఒక్క లాగిన్‌నే రానిస్తాడు సర్వర్. ముందు వెళ్ళినవాడిది సీటు, రెండోవాడు ఎన్నిసార్లు అడిగినా ఫెయిల్డే. ఈ నియమం నాకు ఉద్యోగంలో చేరిన నెలలోనే తెలుసు. తెలిసీ ఇన్నాళ్ళూ తట్టలేదు. లైన్‌లో ఎవరున్నారో పచ్చ చుక్క చెప్పదు. ఎవరో ఉన్నారని మాత్రమే చెబుతుంది.

"సార్, ఆ పేరుతో ఇంకో పెట్టె ఉందండి. అది నాలుగింటికి ఆరిపోతోంది, అందుకే అప్పుడు ఇంట్లో నెట్ వస్తోంది. రోజూ నాలుగింటికి ఆరిపోయేది ఏముంటుందండి ఆ ఊళ్ళో?"

మా ఓనరుకీ అటువైపు పొలం ఉంది. ఆయన ఆలోచించను కూడా లేదు. "నాలుగింటికి మోటార్ల కరెంటు పోద్ది, అది వేరే లైను. పొద్దున ఏడింటికిచ్చి నాలుగింటికి తీసేస్తారు."

నేను బాబాయ్ వైపు చూశాను. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. ఫ్యాన్ కిందే కూర్చుని ఉన్నాడు.

"బాబాయ్?"

"ఆ ఇంటి పెద్దాయన అడిగాడమ్మా" అన్నాడు నేల చూస్తూ. "పగలు తోటలో కాయలు పోతన్నాయంట. రాత్రి కాపలా ఉన్నోడు పగలు పడుకుంటాడు గదా. మోటారు షెడ్డులో కెమెరా పెట్టుకుంటాను, నెట్ కావాలి అన్నాడు. కొత్త కనెక్షన్ రాయాలంటే సీజన్‌లో ఎవడికి తీరిక. తీగ ఆ తోట మీదుగానే ఇంటికెళ్తది. మధ్యలో చీల్చి షెడ్డులోకి దింపా. పోయినేడు వాళ్ళింట్లో మార్చిన పాత పెట్టె అటక మీదుంటే అదే పెట్టా. ఒక గంప రసాలిచ్చాడు. కాదనలేకపోయా."

పాత పెట్టెలో పాత పేరు, పాత పాస్‌వర్డ్ అలాగే ఉన్నాయి. మా జంక్షన్‌లో అప్పటికి ఏ పెట్టె తగిలించినా వెలిగేది, ఇది ఎవరిదని అడిగే ఏర్పాటు లేదు. ఇంటి రౌటర్ రాత్రంతా లైన్‌లో ఉంటుంది కాబట్టి, తోటలోది ఏడింటికి లేచినా సీటు దొరకదు. అడుగుతూనే ఉంటుంది. జంక్షన్ ఒక్కసారి కన్ను మూసి తెరిస్తే ఇద్దరూ ఒకేసారి పరిగెత్తుతారు, ఒక్కోసారి తోటది ముందు చేరుతుంది. ఆ రెండు నిమిషాల్లో ఇంట్లో రౌటర్ ఆపి వేశారా, లేచి సీటిచ్చినట్టే. పోగానే ఆపి వెయ్యడం అలవాటు చేసి, ఎన్నిసార్లు ఆ అమ్మాయి సీటుని తోటలో పెట్టెకి ఇప్పించానో.

రసాల గంప మాట వచ్చినప్పుడు బాబాయ్‌ని ఏమీ అనలేకపోయాను. మా ఇంట్లో నాలుగు రోజులుగా తింటున్నవీ ఆ తోటవే. ఓనరు మాత్రం అన్నారు. ఆయన అన్న మాటలు ఇక్కడ రాయను.

బాబాయ్ బండి మీద, నేను స్కూటీ మీద నేరుగా తోటకి వెళ్ళాం. పెద్దాయన అక్కడే ఉన్నారు, కూలీల చేత, గెడకి వల కట్టిన చిక్కాలతో కాయలు దింపిస్తున్నారు. షెడ్డులో మోటారు హోరుమంటోంది. గోడ మీద స్టార్టర్ పక్కనే, దుమ్ము పట్టిన పాత పెట్టె, దాని మీద పచ్చ లైటు.

"కెమెరా బాగా వస్తోందా పెద్దయ్యగారూ?" అన్నాను.

"ఏం వస్తదమ్మా. ఒకరోజు వస్తది, ఒకరోజు రాదు. ఇవాళ పదిన్నర నుంచి వస్తంది. చౌక రకం కొన్నా, దాని మొహం అంతే."

"చౌకది కాదండి. ఇది వచ్చిన రోజు మీ ఇంట్లో నెట్ పోతోంది. ఇంట్లో ఉన్న రోజు ఇది రాదు. రెండింటికీ ఒకటే సీటు."

ఆయనకి అర్థం కాలేదు. కోడలు పని ఇక్కడెందుకొచ్చిందన్నట్టు చూశారు. నేను వివరించడం మానేశాను. కోడలికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి, ఫోన్ ఆయన చేతికిచ్చాను.

"ఇప్పుడు నెట్ ఉందా అమ్మా?"

"లేదక్కా. ఫెయిల్డ్ అనే వస్తోంది."

"పెద్దయ్యగారూ, ఆ ప్లగ్గు మీ చేత్తోనే తియ్యండి."

తీశారు. పచ్చ లైటు ఆరిపోయింది. ముగ్గురం నిలబడ్డాం. ఒక నిమిషం అయింది. ఫోన్‌లో ఇంకా ఫెయిల్డే. బాబాయ్ నా వైపు చూశాడు. సర్వర్‌కి తెలియాలి కదా, ఇంకో నిమిషం పడుతుందని వాళ్ళకి చెప్పాను. మూడో నిమిషం మొదలవుతుండగా ఫోన్‌లోంచి మెల్లగా వినిపించింది.

"కనెక్టెడ్, అక్కా. వచ్చేసింది."

పెద్దాయన ఫోన్ వంక చూశారు, చేతిలో ప్లగ్గు వంక చూశారు. ప్లగ్గు తీగని చుట్టచుట్టి మేకుకి తగిలించి, కూలీల దగ్గరికి వెళ్ళిపోయారు. కోపమొచ్చిందో ఏమిటో తెలియలేదు. కెమెరాకి వేరే పేరుతో కనెక్షన్ రాస్తామని వెనకనుంచి చెప్పాను. తలూపారు. బాబాయ్ నిచ్చెన వేసుకుని చీలిక తీసేసి తీగ మళ్ళీ ఒకటిగా అతికించాడు. అతికినంతసేపూ కోడలికి నెట్ పోతుందని ముందే చెప్పి, భోజనం టైములో చేశాడు.

వచ్చే దారిలో స్కూటీ మీద ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఒక తెల్లకాగితం, మూడు ఫోటోలు. అంతే. ఎక్కడా తీగ పట్టుకోలేదు, ఏ స్తంభమూ ఎక్కలేదు. కూర్చుని చదివి, ఊరవతల షెడ్డులో ఉన్న పెట్టెని చెయ్యి పట్టుకుని చూపించినట్టు చూపించాను. ఆ సాయంత్రం ఇంట్లో కూర కొంచెం మాడింది, ఎవరైనా ఏమన్నా అంటారేమో చూశాను. ఎవరూ అనలేదు.

సోమవారం పరీక్ష మొదలైంది. జంక్షన్ బ్యాటరీ ఇంకా మార్చలేదు. పదకొండింటికి కరెంటు పోయినట్టు మా పేజీలో ఆ ఊరి చుక్కలన్నీ ఒక్కసారి ఎర్రబడ్డాయి. ఒక్కొక్కటీ పచ్చబడుతోంది. ఆ ఇంటిది మూడోదిగా పచ్చబడింది. నేను చుక్కని నమ్మలేదు, ఫోన్ చేశాను. "వచ్చేసిందక్కా, రెండు నిమిషాలే" అంది. వారమంతా అంతే. బుధవారానికి కొత్త బ్యాటరీ కూడా పెట్టించాను. శనివారం ఆ అమ్మాయికి హైదరాబాద్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, ఇంటి నుంచే కొనసాగమని. ఆ ఉత్తరం ఫోటో తీసి నాకు పంపింది. పదిసార్లు చదువుకున్నాను, నాకు వచ్చినట్టే.

ఆ మధ్యాహ్నమే ఆ ఇంటి నుంచి మళ్ళీ ఫోన్. ఈసారి పెద్దాయన. కెమెరా కనెక్షన్ ఆలస్యమైందని తిడతారనుకున్నాను.

"ఏమ్మా, పనిలో ఉన్నావా?"

"చెప్పండి పెద్దయ్యగారూ. కెమెరాకి సోమవారం..."

"కెమెరా సంగతి కాదమ్మా." వెనక కాయల పెట్టెలకి మేకులు కొడుతున్న చప్పుడు. "రెండు నెలలు ఆ పిల్ల నా కళ్ళెదురుగానే కళ్ళు తుడుచుకునేది. నేను అన్నం తింటా చూసేవాణ్ణి. ఏదో ఫోన్ పని, పోతే పోయిందిలే అనుకున్నా. కాయలు ఎత్తుకుపోయేవాణ్ణి పట్టుకుందామని పెట్టె పెట్టించా. అది ఆ పిల్ల పని ఎత్తుకుపోతంది. దొంగని నేనే నా చేత్తో తెచ్చి షెడ్డులో పెట్టుకున్నా."

"మీకు తెలియదు కదండీ."

"తెలీదు. అడగనూ లేదు. ఏమైందమ్మా అని ఒక్కసారి అడగలేదు." మేకులు కొట్టేవాళ్ళని కాసేపు ఆపమన్నారు. "ఇందాక ఆ ఉత్తరం నాకు చదివి వినిపించింది. ఇంగ్లీషులో చదివి, మళ్ళీ తెలుగులో చెప్పింది. ఎవరు కనిపెట్టారే అంటే నీ పేరు చెప్పింది. మీ ఆఫీసులో అందరూ కలిసి చేశారేమో అనుకున్నా."

ఇలాంటప్పుడు మా వాళ్ళందరం కలిసి చేశామండీ అనడం మా ఆఫీసులో పద్ధతి. నేనూ ఎన్నోసార్లు అన్నాను. నోటి దాకా వచ్చింది.

"లేదండీ. నేనే కనిపెట్టాను" అన్నాను.